భావోద్వేగాలు, 4వ పాఠం: గుండె ముందా, ఆలోచన ముందా?

పోయిన పాఠంలో ఒక భయాన్ని మూడు ముక్కలుగా రాసుకున్నాం: ఎదురైన సంగతి, ఒంట్లో వచ్చిన మార్పు, మనం దానికి ఇచ్చుకున్న అర్థం. ఈసారి వాటిని వరుసలో పెడదాం. సిద్ధాంతాల మధ్య తగువంతా ఆ వరుస గురించే.

ఎలుగుబంటిని చూసి భయపడ్డాం కాబట్టి పరుగెత్తాం అనుకుంటాం. మనస్తత్వవేత్త విలియం జేమ్స్ 1884లో దీన్ని తిరగేశాడు. ఒళ్లు ముందు స్పందిస్తుంది, ఆ దడ, ఆ పరుగు మనకు తెలియడమే భయం అన్నాడు. కానీ కోపంలోనూ గుండె దడే, జ్వరంలోనూ దడే. మరి తేడా ఎలా తెలుస్తుంది? 1927లో వాల్టర్ కానన్ ఎత్తిచూపిన లోపం ఇదే.

రిచర్డ్ లాజరస్ అర్థాన్ని ముందు పెట్టాడు. 1965లో ఆయన బృందం చెక్కపని యంత్రాల దగ్గర జరిగే ప్రమాదాల సినిమా చూపించింది. ఇదంతా నటన, ఎవరికీ దెబ్బ తగల్లేదని ముందే విన్నవాళ్ల గుండె వేగం, చర్మంపై చెమట స్పందన తక్కువగా ఉన్నాయి. బొమ్మ అదే, అర్థం మారింది, దాంతో ఒళ్లు కూడా మారింది.

మూడోది కాస్త నిదానంగా చూడాలి. షాక్టర్, సింగర్ 1962లో విద్యార్థులకు విటమిన్ అని చెప్పి, గుండె దడ పెంచే అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. దడ, వణుకు వస్తాయని కొందరికి నిజం చెప్పారు, కొందరికి ఏమీ చెప్పలేదు. తర్వాత గదిలోకి ఒక మనిషిని పంపారు. అతను పరిశోధకుల మనిషే. కొందరి దగ్గర కేరింతలు కొట్టాడు, కొందరి దగ్గర చిరాకు పడ్డాడు. కారణం తెలిసినవాళ్లు దడను మందు మీదకు నెట్టేశారు. తెలియనివాళ్లు చుట్టూ ఉన్నదాంట్లో కారణం వెతుక్కుని ఆ మనిషి మూడ్‌లోకి జారారు. అంటే ఒంటి కదలిక ఒకటి, దానికి పెట్టుకున్న పేరు ఒకటి, రెండూ కలిస్తేనే ఉద్వేగం.

నాకు ఈ వాదం ఇష్టమే. అయినా దీని బలహీనత చెప్పి తీరాలి. పోల్చి చూడటానికి మందు లేని ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లకూ, కారణం తెలియనివాళ్లకూ మధ్య తేడా గట్టిగా రాలేదు. 1979లో మార్షల్, జింబార్డో మళ్లీ చేసి చూస్తే ఆ సంతోషం కనబడలేదు. వివరణ లేని దడ ఎలా పడితే అలా మలుచుకునే పిండి కాదు. చాలాసార్లు అది అసౌకర్యంగానే ఉంటుంది.

ఇక అభ్యాసం. ఇంటర్వ్యూ ముందు రెండు కప్పుల కాఫీ తాగారు, గుండె దడదడలాడుతోంది, టెన్షన్‌గా ఉంది. ‘ఇది కాఫీ వల్లే’ అనుకోగానే టెన్షన్ తగ్గి, దడ మాత్రం అలాగే ఉంటే మూడో సిద్ధాంతం సరిపోతుంది. ‘పోతే పోనీ, ఈ ఉద్యోగం నాకు తప్పనిసరి కాదు’ అనుకోగానే దడ కూడా దిగిపోతే లాజరస్ వైపు మొగ్గండి. ఆలోచన ఏదీ మార్చకుండా, శ్వాసను నెమ్మది చేస్తే చాలు మనసు కుదుటపడితే జేమ్స్ మాటకు బలం వస్తుంది. ఈ వారం మీకు ఎదురైన ఒక టెన్షన్ తీసుకుని, ఎదురైన సంగతి, ఒంట్లో మార్పు, ఇచ్చుకున్న అర్థం, ఈ మూడింటిలో ముందు ఏది కదిలిందో ఆ వరుస రాసుకోండి. వచ్చే పాఠంలో అక్కడి నుంచే మొదలుపెడదాం.