డ్రైవ్ నడిచినప్పుడే ఊగిన ప్రెషర్ రీడింగ్

పంపు డ్రైవ్ ఆగి ఉన్నంతసేపు 6 బార్ వద్ద నిలకడగా ఉండే రీడింగ్, డ్రైవ్ మొదలవగానే 5.6 నుంచి 6.4 వరకు ఊగేది. నేను మొదట ట్రాన్స్‌మిటర్‌నే అనుమానించాను. డ్రైవ్ నడుస్తుండగానే ఫీల్డ్ కేబుల్ విప్పి, ప్యానెల్ టెర్మినళ్ల వద్ద కాలిబ్రేటర్‌తో 12 మిల్లీఆంపియర్లు ఇచ్చినప్పుడు రీడింగ్ కదలలేదు కాబట్టి, ఇన్‌పుట్ కార్డు బాగానే ఉందని, సమస్య ప్యానెల్ బయట, కేబుల్ లేదా ట్రాన్స్‌మిటర్ వైపు నుంచే వస్తోందని తేలింది.

ఆ కేబుల్ సుమారు 40 మీటర్లు మోటార్ కేబుల్‌తో ఒకే ట్రేలో సాగుతోంది. పైగా దాని షీల్డ్ రెండు చివరలా ఎర్త్ అయి ఉండటంతో, ఎర్తుల మధ్య ఉన్న వోల్టేజీ తేడా వల్ల షీల్డ్‌లోనే కరెంట్ ప్రవహిస్తోంది. ట్రాన్స్‌మిటర్ వైపు షీల్డ్‌ను విప్పి ఇన్సులేట్ చేసి, ప్యానెల్ వైపు ఎర్త్ మాత్రమే ఉంచాను. (మోటార్ కేబుల్ షీల్డ్‌కు ఇది వర్తించదు, దాన్ని రెండు వైపులా ఎర్త్ చేయాలి.) ఊగిసలాట తగ్గింది గాని పోలేదు. కేబుల్‌ను 30 సెంటీమీటర్ల దూరంలోని వేరే ట్రేలోకి మార్చి, మోటార్ కేబుల్‌ను తప్పనిసరిగా దాటవలసిన చోట లంబకోణంలో దాటించాకే రీడింగ్ నిలిచింది.