పాత తేదీకి వారం లెక్కేస్తున్నారా? 1900 దగ్గర ఆగండి

కందుకూరి వీరేశలింగం గారు పుట్టింది 1848 ఏప్రిల్ 16న. ఆ రోజు ఏ వారం? క్యాలెండర్ వెతకక్కర్లేదు, వేళ్ల మీద తేల్చొచ్చు.

2024 ఏప్రిల్ 16 మంగళవారం. మధ్యలో 176 ఏళ్లు. 365 రోజులంటే 52 వారాల మీద ఒక్క రోజు, కాబట్టి ఏడాదికొక రోజు చొప్పున 176. వీటికి మధ్యలో వచ్చిన ఫిబ్రవరి 29లు కలపాలి. 1848 లీపు సంవత్సరమే, కానీ ఆయన పుట్టేసరికే ఆ 29 దాటిపోయింది. అందుకే 1852 నుంచి 2024 దాకా నాలుగేళ్లకొకటి లెక్కపెడితే 44.

చాలామంది తప్పేది ఇక్కడే. వందల సంవత్సరాలు 400తో భాగిస్తేనే లీపు. 2000 ఉంటుంది, 1900 పోతుంది. అంటే 43.

176కి 43 కలిపితే 219. ఏడుతో భాగిస్తే శేషం 2. మంగళవారం నుంచి రెండు రోజులు వెనక్కి వెళ్తే ఆదివారం. 1900ని తీసేయడం మరిచిపోతే శనివారం వస్తుంది.

ఎక్సెల్‌తో సరిచూద్దామనుకోకండి. అది 1900కి ముందు తేదీల్ని లెక్కకే తీసుకోదు, పైగా లేని 1900 ఫిబ్రవరి 29ని ఉందంటుంది!