బూస్ట్ ఎప్పుడు, యాడ్ ఎప్పుడు?

పచ్చళ్ల పోస్టును ఫేస్‌బుక్‌లో బూస్ట్ చేస్తే లైకులొస్తాయి, ఆర్డర్లు రావు. గోల్ మార్చకుండా బూస్ట్ చేస్తే చాలాసార్లు జరిగేది ఇదే.

ఆర్డర్లే కావాలంటే Ads Manager తెరిచి Create నొక్కండి. Engagement ఎంచుకుని, మెసేజ్‌లు వాట్సాప్‌కి వచ్చేలా పెట్టండి. పాత కస్టమర్ల నంబర్ల లిస్టు ఎక్కించి, వాళ్లను ఆడియన్స్‌లోంచి తీసేయండి. బూస్ట్‌లో లేని అసలు సుఖం ఇదే, డబ్బు ఎక్కువగా కొత్తవాళ్ల మీదే ఖర్చవుతుంది. ఒకే యాడ్ సెట్‌లో రెండు ఫొటోలు, రోజుకు 300 రూపాయలు చాలు.

ఆదివారం ఊళ్లో స్టాల్ పెడుతున్నారా? అప్పటికే కామెంట్లు వస్తున్న పోస్టును చుట్టుపక్కల వాళ్లకు రెండు రోజులు బూస్ట్ చేయండి. దానికి అంతకంటే అక్కర్లేదు.

ఒక జాగ్రత్త: యాడ్‌ను ఎవరికి చూపించాలో ఫేస్‌బుక్ నేర్చుకుని అది కుదురుకోవడానికి ఒక్కో యాడ్ సెట్‌కు వారానికి సుమారు 50 మెసేజ్‌లు కావాలి. చిన్న బడ్జెట్‌ను నాలుగైదు యాడ్ సెట్లకు పంచినా, రోజూ సెట్టింగులు కెలికినా కుదురుకోదు.