బిల్లులు ఎప్పుడొస్తాయో తెలియనప్పుడు అడ్వాన్స్ ట్యాక్స్ ఎలా కట్టాలి?

కన్సల్టెంట్లకు జూన్‌లోనే దిగులు మొదలవుతుంది. ఏడాదికి ఎంత వస్తుందో తెలియకుండా పన్ను ఎలా లెక్కేయాలి? నిజానికి జూన్ అంచనా సరిగ్గా ఉండక్కర్లేదు. ప్రతి వాయిదాకూ అప్పటిదాకా కట్టినదంతా కలిపి లెక్క కాబట్టి, తప్పితే సెప్టెంబరులో సరిచేసుకోవచ్చు.

టీడీఎస్ పోగా కట్టాల్సిన పన్ను 10,000 రూపాయలు, ఆపైన ఉంటే జూన్ 15కి 15 శాతం, సెప్టెంబరు 15కి 45, డిసెంబరు 15కి 75, మార్చి 15కి 100 శాతం చేరాలి. ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 44ఏడీఏ కింద రాబడిలో సగాన్ని ఆదాయంగా చూపేవారు మొత్తం మార్చి 15లోగా ఒకేసారి కట్టొచ్చు. వాయిదాల లెక్క వారికి అక్కర్లేదు.

ముందు బిల్లులను మూడు కుప్పలు చేయండి: డబ్బు చేతికొచ్చినవి, సంతకాలైన ఒప్పందాలవి, ఇంకా మాటల్లోనే ఉన్నవి. మొదటి రెండే లెక్కలోకి తీసుకోండి. మూడోది ఖాయమయ్యాక తర్వాతి వాయిదాలో కలపండి. బిల్లులోని జీఎస్టీ మీ ఆదాయం కాదు, తీసేయండి. తర్వాత ఖర్చులు తీసేయండి.

2025-26లో కొత్త పన్ను విధానం ఎంచుకున్న ఒక మార్కెటింగ్ కన్సల్టెంట్‌ను తీసుకుందాం. ఎక్కువ మంది క్లయింట్లు విదేశాల వారు, వాళ్ళు టీడీఎస్ కోయరు. ఇక్కడి బిల్లుల మీద ఏడాదికి కోత 30,000. జూన్‌లో నికర ఆదాయం 14 లక్షలని అంచనా. సెస్సుతో పన్ను 93,600, టీడీఎస్ పోగా 63,600. అందులో 15 శాతం, అంటే 9,540 కట్టారు.

ఆగస్టులో పెద్ద ఒప్పందం కుదిరి అంచనా 18 లక్షలైంది. పన్ను 1,66,400, టీడీఎస్ పోగా 1,36,400. ఇందులో 45 శాతం 61,380. జూన్‌లో కట్టింది పోగా సెప్టెంబరులో 51,840 కడితే సరి.

మరి జూన్‌లో తక్కువ కట్టినందుకు? ఏడాది చివర తేలిన పన్ను మీదే వడ్డీ చూస్తారు. ముందు తెలియదన్న మాట సాధారణంగా చెల్లదు. జూన్‌కు 12, సెప్టెంబరుకు 36 శాతమైనా కట్టి ఉంటే వడ్డీ లేదు. ఇక్కడ 12 శాతం కూడా లేదు. అందుకని 15 శాతానికి తగ్గిన 10,920లో చిల్లర వదిలేసి, 10,900 మీద నెలకు 1 శాతం చొప్పున మూడు నెలలకు 327 రూపాయలు. అంతే. ఆ 327కి భయపడి జూన్‌లో చేతి డబ్బంతా కట్టేస్తే, ఎక్కువైంది రిటర్న్ వేశాకే తిరిగొస్తుంది. మార్చి ఆఖరుకి టీడీఎస్ పోగా మిగిలిన పన్నులో 90 శాతం కూడా చేరకపోతే మాత్రం ఏప్రిల్ నుంచి నెలనెలా వేరే వడ్డీ పడుతుంది. అసలు జాగ్రత్త అక్కడ.

ఆదాయపు పన్ను పోర్టల్‌లో e-Pay Tax తెరిచి, 2025-26 ఆదాయానికి Assessment Year 2026-27, ఆపై Advance Tax (100) ఎంచుకోండి. సంవత్సరం తప్పుగా నొక్కితే కట్టిన డబ్బు ఆ ఏడాది లెక్కలో కనిపించదు. చలానా దాచుకుని, కొన్ని రోజుల తర్వాత మీ పేరిట జమైన పన్ను చూపే ఫారం 26ఏఎస్‌లో పడిందో లేదో చూడండి. క్లయింట్లు కోసిన టీడీఎస్ కూడా అక్కడే సరిచూసుకోండి. కోయని టీడీఎస్‌ను మీ లెక్కలో తగ్గించుకోకూడదు.