క్లయింట్ల వెబ్‌సైట్లు, 4వ పాఠం: డొమైన్ ఎవరి ఖాతాలో ఉండాలి?

పోయిన పాఠంలో హోస్టింగ్ ఖాతాలు విడదీశాం. ఈసారి డొమైన్ల పని.

తిరుచానూరు రోడ్డులో ఒక లాడ్జికి సైటు చేశాను. సులువుగా ఉంటుందని డొమైన్‌ను నా ఖాతాలో, నా కార్డుతోనే కొన్నాను. తర్వాత కార్డు గడువు తీరి కొత్తది వచ్చింది. ఖాతాలో మార్చడం మరిచిపోయాను. రిజిస్ట్రార్ హెచ్చరికలు నేను తెరవని పాత మెయిల్‌కు వెళ్లాయి. ఓ శనివారం పొద్దున్నే ఓనరు ఫోను: "ఏమప్పా, సైటు తెరుచుకోలే. బుకింగ్ మెయిళ్లూ రాలేదే?" డొమైన్ ఆగితే దానిమీద నడిచే మెయిలూ ఆగుతుంది కదా.

డబ్బు కట్టగానే సరిపోయింది, ఎందుకంటే గడువు తీరి మూడు రోజులే అయింది. .com అయితే చాలా రిజిస్ట్రార్లు కొన్నాళ్లు, గరిష్ఠంగా 45 రోజులు, మామూలు ధరకే రెన్యువల్ చేయనిస్తాయి. ఆ తర్వాత 30 రోజుల రిడెంప్షన్‌లో భారీ రుసుము కట్టాలి. అదీ దాటితే 5 రోజుల్లో పేరు ఎవరైనా కొనుక్కునేలా బయటికొస్తుంది.

అసలు దెబ్బ ఆయన అడిగిన ప్రశ్న: "లాడ్జి పేరు నాది, డబ్బు నాది, డొమైను మాత్రం నీదా?" జవాబు లేదు. కాగితం మీద అది నాదే.

సరిచేసిన పద్ధతి ఇది. ఓనరు అదే రిజిస్ట్రార్ దగ్గర తన జీమెయిల్‌తో, తన ఫోన్ నంబరుతో ఖాతా తెరిచాడు. లాడ్జి డొమైన్ మీది మెయిల్‌ను ఇక్కడ వాడకూడదు. డొమైన్ ఆగిన రోజు లాగిన్ కోడ్ కూడా రాదు. నా ఖాతా నుంచి ఆయన ఖాతాలోకి డొమైన్ నెట్టాను. ఒకే రిజిస్ట్రార్ లోపల కాబట్టి బదిలీ కోడ్ అక్కర్లేదు, గడువు తేదీ మారదు. తర్వాత రిజిస్ట్రెంట్ వివరాలు ఆయన పేరుకు మార్చి, మెయిల్‌కు వచ్చిన నిర్ధారణ లింకు ఆయనతోనే నొక్కించాను. వేరే రిజిస్ట్రార్‌కు వెళ్లాలనుకుంటే మాత్రం ముందు బదిలీ, ఆ తర్వాతే పేరు మార్పు. పేరు మారిస్తే 60 రోజుల తాళం పడే అవకాశం ఉంది.

పాస్‌వర్డ్ నేను తీసుకోలేదు. డీఎన్ఎస్ మార్చే హక్కు మాత్రం నా ఖాతాకు ఇప్పించుకున్నాను. రేపు నన్ను మానిపించాలంటే ఆ హక్కు తీసేస్తే చాలు.

రెన్యువల్ ఆయన కార్డు మీదే. కార్డు పెట్టనంటే గడువుకు 45 రోజుల ముందు ఇన్వాయిస్ పంపండి. అందులో డొమైన్ రుసుము ఒక వరుస, మీ నిర్వహణ చార్జీ వేరే వరుస. డబ్బు అందాకే కట్టండి. చేతి నుంచి వేసి తర్వాత అడిగితే చిత్తూరు నుంచి తిరుమల దాకా తిరగాలి.

ఇంటిపని: మీ చేతిలో ఉన్న ప్రతి డొమైన్‌కూ ఇది నడిపి, తేదీని షీటులో రాసుకోండి.

```
whois example.com | grep -i "expiry"
```

.com అయితే `Registry Expiry Date` వరుస చూడండి. పక్క గడిలో ఖాతా మెయిల్ ఎవరిదో రాయండి. మీ మెయిల్ కనిపించిన వరుసలన్నీ వచ్చే పాఠానికల్లా మారాలి.