ఊపిరి మందు – 3వ పాఠం: పొడి ఇన్‌హేలర్‌ని ఎంత వేగంగా లాగాలి?

కిందటి పాఠంలో స్ప్రే ఇన్‌హేలర్ నేర్చుకున్నాం. డబ్బా బాగా ఊపి, పీల్చడం మొదలుపెడుతూనే నొక్కి, నాలుగైదు సెకన్ల పాటు నింపాదిగా లోపలికి తీసుకోమని చెప్పాను. ఇవాళ క్యాప్సూల్ వేసుకుని పీల్చే పొడి ఇన్‌హేలర్ దగ్గరికి వచ్చాం. ఇక్కడ ఆ నింపాదితనమే కొంప ముంచుతుంది.

నేను ఒంగోలులో ఒక ఛాతీ డాక్టరు గారి క్లినిక్‌లో నర్సుని. కొండపి వైపు నుంచి ఒక పెద్దాయన వస్తుంటాడు. పాతికేళ్లు పొగాకు బ్యారన్ల దగ్గర పొయ్యిలో కట్టెలు ఎగదోసిన మనిషి, దానికి తోడు చుట్ట అలవాటు. స్ప్రే నొక్కడానికీ పీల్చడానికీ ఆయనకి టైము కుదరడం లేదని డాక్టరు గారు పొడి క్యాప్సూల్‌కి మార్చారు. నెల తిరిగేసరికి మళ్లీ ఆయాసంతో వచ్చాడు.

"ఏందమ్మాయ్, ఈ మందులో పసలేదు. పాత డబ్బానే నయం" అన్నాడు.

"ఎట్లా పీలుస్తున్నావో నా ముందు ఒకసారి చేసి చూపించు బాబాయ్" అన్నాను.

క్యాప్సూల్ వేసి, మూత మూసి సూది గుచ్చడం వరకూ చక్కగా చేశాడు. తర్వాత గొట్టం నోట్లో పెట్టుకుని, పాత పద్ధతిలోనే మెల్లగా, ఐదు సెకన్లు లాగాడు. లోపల క్యాప్సూల్ కిమ్మనలేదు. మూత తీసి క్యాప్సూల్‌ని వెలుతురుకి పెట్టి చూపించాను. పొడి దాదాపు వేసినంతా అట్లాగే ఉంది. నెల రోజులుగా ఆయన గాలి పీల్చి, మందుని చెత్తబుట్టలో వేస్తున్నాడన్నమాట.

ఎందుకిట్లా జరుగుతుంది? స్ప్రే డబ్బాలో మందుతో పాటు ఒత్తిడి మీద ఉన్న గ్యాస్ ఉంటుంది. నొక్కగానే ఆ గ్యాసే మందుని తుంపరలుగా బయటికి తోస్తుంది. ఆ తుంపర అసలే జోరుగా వస్తుంది కాబట్టి, మనం కూడా జోరుగా లాగితే అది గొంతు వెనక గోడకి కొట్టుకుని అక్కడే అంటుకుపోతుంది. అందుకే స్ప్రేకి మెల్లగా పీల్చమంటాం. పొడి ఇన్‌హేలర్‌లో గ్యాసూ లేదు, స్ప్రింగూ లేదు. క్యాప్సూల్‌ని గిరగిరా తిప్పి పొడిని బయటికి లాగాల్సింది మన ఊపిరే.

పొడి బయటికి వస్తే చాలదు, ఇంకో పని ఉంది. ఊపిరితిత్తుల లోతుకి చేరాలంటే మందు రేణువు 1 నుంచి 5 మైక్రాన్ల లోపు ఉండాలి. అంత సన్నటి పొడి ఊరికే వదిలేస్తే ఉండకట్టుకుపోతుంది. అందుకని దాన్ని లాక్టోజ్ అనే పాల చక్కెర పలుకుల మీద అంటించి క్యాప్సూల్‌లో నింపుతారు. అరిసె మీద నువ్వులు అద్దినట్టు అనుకోండి. అరిసెని మెల్లగా కదిపితే నువ్వులు రాలవు, గట్టిగా విదిలించాలి. మెల్లగా పీల్చినప్పుడు మందు చక్కెరని వదలదు. రెండూ కలిసి బరువుగా ప్రయాణం చేసి నాలుక మీదా గొంతులోనూ దిగిపోతాయి. నోట్లో కాస్త తియ్యగా తగిలిందంటే మందు ఛాతీలోకి వెళ్లిందని చాలామంది అనుకుంటారు. ఆ తీపి చక్కెరదే.

ఇందులో ఒక చిన్న లెక్క ఉంది. మన మనిషి ఒక గుక్కలో రెండు లీటర్ల గాలి తీసుకోగలడనుకుందాం. నాలుగు సెకన్లు లాగితే నిమిషానికి 30 లీటర్ల వేగం. అదే గాలిని రెండు సెకన్లలో లాగితే 60 లీటర్ల వేగం. వేగం రెట్టింపైతే గొట్టంలో పొడిని విదిలించే బలం దాదాపు నాలుగింతలవుతుంది. క్యాప్సూల్ రకాలు చాలావాటికి ఈ రెండో వేగం కావాలి. ఇంకో సంగతి, పొడిలో ఎక్కువ భాగం గుక్క మొదట్లోనే బయటికి వచ్చేస్తుంది. కాబట్టి మెల్లగా మొదలుపెట్టి చివర్లో జోరు పెంచితే లాభం లేదు, మొదటి క్షణం నుంచే జోరుండాలి.

ఇదంతా చెప్పి, "గట్టిగా దమ్ము లాగు బాబాయ్" అన్నాను. అది నా తప్పే. చుట్ట లాగినట్టు బుగ్గలు లోపలికి పోయేలా లాగాడు. బుగ్గలతో లాగిన గాలి నోటి దాకానే వస్తుంది. మళ్లీ చెప్పాను: "తెల్లారుజామున చలిలో నెత్తిన చన్నీళ్ల చెంబు గుమ్మరిస్తే, హా... అని ఒక్కసారిగా ఊపిరి లోపలికి పోతుందే, అట్లా." ఈసారి కుదిరింది. క్యాప్సూల్ లోపల గరగరమంది.

ఇక వరసగా చెప్తాను. చేతులు పొడిగా తుడుచుకున్నాకే క్యాప్సూల్‌ని రేకు నుంచో సీసా నుంచో తీయండి, ముందే తీసి పెట్టుకోవద్దు. ఇన్‌హేలర్‌లో వేసి, మీది సూది గుచ్చే రకమైతే గుచ్చండి, మెలితిప్పే రకమైతే క్యాప్సూల్ విడేదాకా తిప్పండి. తర్వాత దాన్ని ఊపకండి. తల పక్కకి తిప్పుకుని ఊపిరంతా బయటికి వదలండి. గొట్టంలోకి మాత్రం ఊదకండి. ఊదితే పొడి ఎగిరిపోతుంది, పైగా నోటి తేమకి ముద్దకడుతుంది. మన కోస్తా ఉక్కకి ఉన్న తేమే చాలు. పెదాలు బిగించి, చన్నీళ్ల గుక్కలా వేగంగా మొదలుపెట్టి ఛాతీ నిండేదాకా లాగండి. గొట్టం తీసేసి, వీలైతే పది అంకెలు లెక్కపెట్టేంతసేపు ఊపిరి బిగబట్టి, ముక్కుతో వదలండి.

తర్వాత మూత తీసి క్యాప్సూల్ చూడండి. గోడలకి పల్చగా దుమ్ములా ఉంటే పర్వాలేదు. పొడి కనిపిస్తుంటే అదే క్యాప్సూల్‌ని రెండోసారి లాగండి. కొత్తది వేయొద్దు. స్టెరాయిడ్ ఉన్న మందైతే నోరు పుక్కిలించి ఉమ్మేయండి, లేకపోతే నోట్లో తెల్లపూత వస్తుంది. అన్నట్టు, ఈ క్యాప్సూల్‌ని నీళ్లతో మింగేసేవాళ్లు ఏటా ఇద్దరు ముగ్గురు తగులుతూనే ఉంటారు. రేకు మీద ఏం రాసున్నా, చూడటానికి మామూలు గొట్టం మాత్రలాగే ఉంటుంది మరి, వాళ్లననేం లాభం?

రెండు మూడుసార్లు లాగినా రోజూ పొడి మిగిలిపోతుంటే తప్పు మీ పద్ధతిది కాకపోవచ్చు. ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నవాళ్లకీ, ఐదారేళ్ల లోపు పిల్లలకీ ఆ వేగం రాదు. మీ అంతట మీరు డోసు పెంచకుండా డాక్టరుకి చెబితే, స్పేసర్ అని తుంపరని కాసేపు పట్టి ఉంచే గొట్టం పెట్టిన స్ప్రేకి మారుస్తారు. మామూలుగా లాగగలిగేవాళ్లకి కూడా ఆయాసం ముంచుకొచ్చినప్పుడు ఆ జోరు ఉండదు. అందుకే మన పెద్దాయనకి రోజువారీ మందు క్యాప్సూల్‌గానే ఉంచి, అత్యవసరానికి వాడే స్ప్రే, దానికి స్పేసర్ వేరేగా ఇచ్చారు డాక్టరు గారు. అది వాడినా ఆయాసం తగ్గకుండా, మాట తడబడుతుంటే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

ఈ వారం అభ్యాసం: వాడేసిన ప్రతి క్యాప్సూల్‌నీ వెలుతురులో చూసి, "గరగర వచ్చిందా, పొడి మిగిలిందా" అని క్యాలెండర్లో ఆ తేదీ గడిలో రాసుకోండి. పెద్దాయన అట్లా వారం రాసి తెచ్చిన క్యాలెండర్ కాగితంలో మొదటి రెండు రోజులూ "మిగిలింది", మిగతా ఐదు రోజులూ "ఖాళీ". వచ్చే పాఠంలో స్పేసర్‌ని ఎట్లా కడగాలో చూద్దాం. దాన్ని గుడ్డతో తుడిచేవాళ్లు ఈలోపు తుడవడం ఆపండి, కారణం అప్పుడు చెప్తాను.