కొండ మెట్లెక్కే ముందు: మణికట్టు దగ్గర లెక్క గుండె లెక్క కాకపోవచ్చు

అలిపిరి దారిలో 3550 మెట్లెక్కి వస్తానని మొక్కుకున్న పెద్దవాళ్లు మన ఇళ్లలో చాలామంది ఉంటారు. గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్లు నడక దారిన రావద్దని దేవస్థానం చెబుతూనే ఉంటుంది. అయినా బయలుదేరే ముందు రోజు ఇంట్లో ఎవరో ఒకరు వేలికి ఆక్సీమీటర్ పెట్టి, "పల్స్ 72 ఉంది, బ్రహ్మాండంగా ఉంది" అనేస్తారు. నేను ముప్పై ఏళ్లు నర్సుగా పనిచేశాను. ఆ ఒక్క అంకెను చూసి కొండెక్కించిన వాళ్లను, ఆ అంకె తక్కువగా ఉందని మాత్ర మాన్పించిన వాళ్లను ఇద్దరినీ చూశాను. అందుకే ఇది రాస్తున్నాను. ముఖ్యంగా గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉందని డాక్టరు చెప్పిన వాళ్లు, చిన్నప్పుడు కీళ్లవాతం జ్వరం వచ్చి గుండె కవాటం దెబ్బతిన్న వాళ్లు, నాడి లయ తప్పి కొట్టుకునే వాళ్లు ఇంట్లో ఉంటే తప్పక చదవండి.

గుండె నిమిషానికి ఎన్నిసార్లు ముడుచుకుంటుందో అది హార్ట్ రేట్. అలా ముడుచుకోవడం వల్ల రక్తనాళంలో పుట్టిన అల మణికట్టు దాకా వచ్చి మన వేలికి ఎన్నిసార్లు తగులుతుందో అది పల్స్ రేట్. ఆరోగ్యంగా, ఒకే లయలో కొట్టుకునే గుండెలో రెండూ సమానమే. అందుకే రెండు మాటలనూ ఒకటే అన్నట్టు వాడేస్తాం. లయ తప్పిన గుండెలో మాత్రం నాడి వెనకబడుతుంది. ఆ తేడాను పల్స్ డెఫిసిట్ అంటారు.

ఎందుకు వెనకబడుతుందో చెప్పాలంటే ఊళ్లోని చేతి బోరింగు మంచి పోలిక. పిడిని నిదానంగా పైకెత్తి కిందకి నొక్కితే నీళ్లు ధారగా పడతాయి. పిల్లలు తొందరపడి పిడిని కొద్దికొద్దిగా గబగబా ఆడిస్తే పిడి కదులుతుంది, శబ్దం వస్తుంది, బిందెలో మాత్రం చుక్క పడదు. గుండె కూడా అంతే. నిమిషానికి 60 సార్లు కొట్టుకుంటుంటే ఒక్కో దెబ్బకు ఒక సెకను దొరుకుతుంది. అందులో ఇంచుమించు మూడోవంతు పిండడానికి పోతుంది, మిగతాది కింది గది రక్తంతో నిండడానికి. లయ తప్పి తర్వాతి దెబ్బ అర సెకను కూడా గడవకముందే వచ్చిందంటే నిండే సమయమే లేదు. గది దాదాపు ఖాళీగా ఉండగానే పిండుతుంది. అలా బయటకు వచ్చే రక్తం ఎంత తక్కువంటే దాని అల చేతి దాకా వచ్చేసరికి వేలికి తెలియదు. ఒక్కోసారి బృహద్ధమని కవాటాన్ని తెరిచే ఒత్తిడి కూడా రాదు. స్టెతస్కోపు పెట్టి వింటే ఆ దెబ్బకు "లబ్" మాత్రమే వినిపిస్తుంది, "డప్" ఉండదు. గుండె పని చేసింది, అలసిపోయింది, ఆక్సిజన్ ఖర్చు పెట్టింది. ఒంటికి మాత్రం రక్తం అందలేదు.

ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో ఇది రోజంతా జరుగుతూ ఉంటుంది. పై గదులు ముడుచుకోవడం మాని ఊరికే వణుకుతుంటాయి. అక్కడినుంచి కింది గదులకు సంకేతాలు ఒక పద్ధతి లేకుండా దిగుతాయి. రెండు దెబ్బల మధ్య వ్యవధి ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ. వ్యవధి తక్కువైనప్పుడల్లా ఒక దెబ్బ మణికట్టుకు చేరకుండా పోయే ప్రమాదం ఉంది. గుండె వేగం పెరిగేకొద్దీ అలాంటి దెబ్బలు ఇంకా పెరుగుతాయి. మెట్లెక్కే వాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. ఇంట్లో కూర్చున్నప్పుడు తేడా 10 ఉంటే మెట్ల మీద అది 30 కావచ్చు, 40 కావచ్చు. గుండె అవస్థ పడుతున్నప్పుడే మణికట్టు ఎక్కువ దాస్తుంది.

వేలికి పెట్టే ఆక్సీమీటర్, చేతికి కట్టే స్మార్ట్‌వాచ్, బీపీ మిషను, ఈ మూడూ చూసేది నాడినే. వేలిలోకి లేదా చేతిలోకి రక్తం వచ్చిన ప్రతిసారీ ఒకటి లెక్కేస్తాయి. రాని అలను అవి లెక్కించలేవు. కొన్ని వాచీల్లో రెండో చేతి వేలు పెట్టి ఈసీజీ తీసుకునే వీలుంటుంది. అందులో వచ్చే అంకె మాత్రం గుండెది, ఎందుకంటే అది చూసేది విద్యుత్తును.

మా బంధువుల్లో ఒక పెద్దమ్మ సంగతి చెబుతాను. వయసు 68. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉంది. గుండె వేగం తగ్గడానికి మెటోప్రొలాల్, రక్తం గడ్డ కట్టకుండా మరో మాత్ర వాడుతుంది. అలిపిరి మొక్కు ఉంది. ప్రయాణానికి పది రోజుల ముందు కొడుకు ఆక్సీమీటర్ పెడితే 58 చూపించింది. "పల్స్ బాగా తగ్గిపోయింది, ఈ మాత్ర వల్లే" అని టెన్షన్ పడి మెటోప్రొలాల్ ఆపించాడు. రెండో రోజుకే ఆమెకు ఆయాసం మొదలైంది. నేను వెళ్లేసరికి మంచం మీద దిండ్లు ఎత్తుగా పెట్టుకుని కూర్చుని ఉంది.

ఇద్దరం కలిసి లెక్కపెట్టాం. నేను గుండె మీద స్టెతస్కోపు పెట్టాను, వాళ్లమ్మాయి మణికట్టు పట్టుకుంది. గోడ గడియారం ఒక్కటే. నిండా ఒక నిమిషం. గుండె 102, నాడి 74. తేడా 28. అంటే ప్రతి నాలుగు దెబ్బల్లో ఒకటి కంటే ఎక్కువే వృథా. ఆ 58 ఎక్కడినుంచి వచ్చిందంటే, మిషను అంకె క్షణక్షణం మారుతోంది. వాడు చూసిన క్షణంలో 58 ఉంది, కాసేపటికి 80 దాటింది. డాక్టరుతో ఫోన్లో మాట్లాడితే మాత్ర వెంటనే మళ్లీ మొదలుపెట్టి ఆ సాయంత్రమే తీసుకురమ్మన్నారు. ఈసీజీలో వేగం 100 పైనే ఉంది. ఇలాంటి మాత్ర ఒక్కసారిగా ఆపితే గుండె ఇంకా రెచ్చిపోతుందని ఆయన కొడుక్కి అర్థమయ్యేలా చెప్పారు. వారం తర్వాత మళ్లీ లెక్కపెడితే గుండె 84, నాడి 78. ఆయాసం తగ్గింది. కొండకు బస్సులో వెళ్లింది. దర్శనం బాగా జరిగింది.

ఇంట్లో లెక్కపెట్టే పద్ధతి కష్టమేమీ కాదు. మనిషిని ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టండి. ఒకరు స్టెతస్కోపును ఎడమ చనుమొన కింద, కాలరు ఎముక మధ్య నుంచి గీత గీస్తే ఐదో, ఆరో పక్కటెముకల మధ్య పడే చోట పెట్టాలి. దెబ్బ అక్కడే గట్టిగా వినిపిస్తుంది. "లబ్ డప్" రెండూ కలిపి ఒకటి. కొత్తవాళ్లు రెండుగా లెక్కేసి 150 అని భయపెట్టేస్తారు. రెండో మనిషి మణికట్టు దగ్గర, బొటనవేలు వైపు, చూపుడువేలు, మధ్యవేలు ఆనించాలి. బొటనవేలితో పట్టుకోకూడదు, దానికి తన నాడి ఉంటుంది, మీ నాడినే మీరు లెక్కపెట్టుకునే ప్రమాదం ఉంది. ఒకరు "మొదలు" అనాలి, ఇద్దరూ ఒకే గడియారం చూడాలి, 60 సెకన్లూ లెక్కపెట్టాలి. 15 సెకన్లు చూసి నాలుగుతో గుణించే అలవాటు లయ తప్పిన గుండె దగ్గర పనికిరాదు. ఆ 15 సెకన్లలో నాలుగు దెబ్బలు తప్పి లెక్కేసినా నిమిషానికి 16 తేడా వచ్చేస్తుంది.

స్టెతస్కోపు లేకపోతే పల్చటి బట్ట మీదుగా చెవి ఆనించినా సన్నగా ఉన్నవాళ్లలో వినిపిస్తుంది. ఒంటరిగా ఉన్నవాళ్లు ముందు ఛాతీ దగ్గర ఒక నిమిషం, తర్వాత మణికట్టు దగ్గర ఒక నిమిషం లెక్కపెట్టుకోవచ్చు కానీ వేర్వేరు నిమిషాలు కాబట్టి రెండు మూడు దెబ్బల తేడాకు అర్థం లేదు. పెద్ద తేడా, మళ్లీ మళ్లీ చూసినా ఉండే తేడా, అదే లెక్కలోకి తీసుకోవాలి.

కూర్చున్న లెక్క అయ్యాక డాక్టరు నడవమని చెప్పిన వాళ్లయితే ఇంట్లోనే రెండు మూడు నిమిషాలు నడిపించి వెంటనే మళ్లీ లెక్కపెట్టండి. పెద్దమ్మకు మాత్ర మొదలుపెట్టాక అలా చూస్తే గుండె 118, నాడి 90 వచ్చాయి. హాల్లో నాలుగు రౌండ్లకే అంత పెరిగితే వేల మెట్లు ఎక్కడం సంగతి వేరే చెప్పనక్కర్లేదు. ఆ రెండు అంకెలను కాగితం మీద రాసి డాక్టరుకు చూపించండి. కూర్చున్నప్పుడు గుండె వేగం 110 లోపు ఉంటే కొందరికి చాలంటారు, మరికొందరికి 80 లోపు కావాలంటారు. ఎవరికి ఏది అనేది వాళ్ల గుండె పరిస్థితిని బట్టి డాక్టరు నిర్ణయిస్తారు.

తేడా కనిపించిన వాళ్లందరికీ ఏట్రియల్ ఫిబ్రిలేషనే ఉండాలని లేదు. కొందరిలో ప్రతి మామూలు దెబ్బ వెంటనే ఒక తొందర దెబ్బ పడుతుంది, ఆ రెండోది చేతికి రాదు. అప్పుడు ఛాతీ దగ్గర 76 ఉంటే మణికట్టు దగ్గర కచ్చితంగా సగం, 38 వస్తుంది. 38 చూసి గుండె ఆగిపోతోందని హడలిపోతారు. ఈసీజీ తీస్తే అసలు సంగతి తెలిసిపోతుంది. ఇంకో సంగతి, ఒక చేతికి వెళ్లే రక్తనాళం సన్నబడినా నాడి బలహీనంగా ఉంటుంది, అందుకే రెండు చేతులూ చూడండి.

మాత్రల విషయంలో నా మాట ఒక్కటే, మణికట్టు అంకె చూసి మాత్ర ఆపకండి. ఛాతీ దగ్గర నిమిషం నిండా లెక్కపెట్టినా 50 లోపే ఉంటే, లేదా తల తిరుగుతుంటే తర్వాతి మాత్ర వేసే ముందే డాక్టరుకు ఫోన్ చేయండి. గుండె వేగం తగ్గించే డిగాక్సిన్ మాత్ర వాడేవాళ్ల ఇంట్లో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. ఏళ్లుగా అడ్డదిడ్డంగా కొట్టుకున్న నాడి ఒకరోజు ఉన్నట్టుండి నెమ్మదిగా, గడియారంలా సమంగా కొట్టుకుంటుంటే జబ్బు నయమైందని సంబరపడకండి. మందు ఒంట్లో ఎక్కువైన గుర్తు కావచ్చు. వికారం, తిండి సహించకపోవడం, చూపులో పసుపుదనం కూడా ఉంటే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

దారిలో ఛాతీలో నొప్పి, కళ్లు తిరిగి పడబోవడం, మాట్లాడలేనంత ఆయాసం వస్తే అక్కడే కూర్చోబెట్టి సాయం కోసం పిలవండి. నాడి మామూలుగానే ఉందని మళ్లీ నడిపించకండి. మూతి వంకర పోవడం, మాట తడబడటం, ఒక చెయ్యి ఎత్తలేకపోవడం కనిపిస్తే నాడి లెక్కలు వదిలేసి 108కి ఫోన్ చేయండి, అవి ఎన్ని గంటలకు మొదలయ్యాయో గుర్తుపెట్టుకుని డాక్టరుకు చెప్పండి. వణికే పై గదుల్లో కట్టిన గడ్డ మెదడుకు చేరితే ఇలా అవుతుంది. రక్తం పల్చబడే మాత్రను ప్రయాణం రోజు కూడా మానకూడదు అనేది ఇందుకే. సంచిలో నీళ్ల సీసా పెట్టే ముందే ఆ మాత్రలు, వాటి చీటీ పెట్టుకోండి.